మిలియన్లలో గ్రాఫు, కోట్లలో వ్యాపారం

హైదరాబాద్ మందుల కంపెనీ డాక్టర్ రెడ్డీస్‌కు 2023–24లో వచ్చిన ఆదాయం 27,916 కోట్ల రూపాయలు. కంపెనీ లెక్కల్లో చూస్తే మాత్రం 279,164 అని కనిపిస్తుంది. అది మిలియన్లలో వేసిన అంకె. 2001 నుంచి న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజిలో ఉన్న కంపెనీ కనుక దానికి ఆ లెక్క అవసరమే.

న్యూయార్క్‌తో ఏ సంబంధమూ లేని కంపెనీల మీటింగుల్లో కూడా తెర మీద గ్రాఫు పక్కన 5,000,000, 10,000,000 అంటూ సున్నాల వరస కనిపిస్తుంటుంది. చూసేవాళ్లు మనసులో కామాలు జరుపుకుంటూ కూర్చుంటారు. చట్టం ఇలా చేయమని చెప్పలేదు. 2013 కంపెనీల చట్టం మూడో షెడ్యూలు ప్రకారం 100 కోట్లు దాటిన కంపెనీ తన లెక్కల్ని లక్షల్లోనో, మిలియన్లలోనో, కోట్లలోనో చూపవచ్చు. ఏది ఎంచుకున్నా మొదటి నుంచి చివరిదాకా అదే వాడాలి. చిక్కంతా గ్రాఫు గీసే సాఫ్ట్‌వేరుతోనే.

ఒక చిన్న కంపెనీ అమ్మకాలు నాలుగు త్రైమాసికాల్లో వరసగా 1,85,00,000, 2,40,00,000, 2,10,00,000, 3,15,00,000 రూపాయలు అనుకుందాం. వీటితో ఎక్సెల్‌లో గ్రాఫు గీస్తే నిలువు గీత పక్కన 35,000,000 దాకా అంకెలు వస్తాయి. విండోస్‌లో ప్రాంతాన్ని ఇండియాగా పెట్టుకుంటే కామాలు మన పద్ధతిలో పడతాయి గానీ సున్నాలు తగ్గవు. పైగా ఆ ఫైలును అమెరికా సెట్టింగు ఉన్న కంప్యూటరులో తెరిస్తే కామాలు మళ్లీ పాత చోటికే పోతాయి.

మందు ఎక్సెల్‌లోనే ఉంది, కాకపోతే పేరు లేకుండా ఉంది. ఆ నిలువు అంకెల మీద కుడి క్లిక్ చేసి `Format Axis` తెరిస్తే `Display units` అనే జాబితా కనిపిస్తుంది. అందులో లక్ష, కోటి అన్న మాటలు లేవు. `Thousands`, `Billions` మధ్య `100000`, `10000000` అన్న ఉత్త అంకెలుంటాయి. మొదటిది మన లక్ష, రెండోది మన కోటి. చాలామంది వాటిని చూసీ చూడనట్టు దాటిపోతారు. `10000000` ఎంచుకుంటే 35,000,000 కాస్తా 3.5 అవుతుంది. పక్కన వచ్చే ‘x 10000000’ అనే చీటీని క్లిక్ చేసి ‘కోట్ల రూపాయల్లో’ అని రాసుకోవచ్చు.

ఇక్కడే ఒక గొయ్యి ఉంది. గడుల్లో అంకెలకు దశాంశాలు లేకుండా పెట్టి ఉంటే గ్రాఫు కూడా అదే పద్ధతి పట్టుకుంటుంది. అప్పుడు అర కోటి చొప్పున పెరగాల్సిన గీతల పక్కన 0, 1, 1, 2, 2, 3, 3, 4 అని పడుతుంది. ఒకే అంకె రెండుసార్లు కనిపించిందంటే జబ్బు ఇదే. `Number` భాగంలో `0.0` అని పెట్టినా సరిపోతుంది, లేదా `Major` గడిలో 10000000 అని రాసి గీతల్ని కోటికొకటిగా మార్చినా సరిపోతుంది. ఆ గడిలో 1 అని రాయకూడదు. అక్కడ లెక్క ఇంకా రూపాయల్లోనే ఉంటుంది.

గ్రాఫులో కాక పట్టికలోనే కోట్లు చూపాలంటే కొంచెం గారడీ చేయాలి. ఎక్సెల్ ఫార్మాటు చివర పెట్టే ఒక్కో కామా అంకెను వెయ్యితో భాగిస్తుంది. వెయ్యిని ఎన్నిసార్లు హెచ్చవేసినా లక్ష రాదు, కోటీ రాదు. అందుకని రెండు కామాలతో మిలియన్లకు తెచ్చి, చివరి అంకెకు ముందు చుక్కను బొమ్మలా అతికిస్తారు:

```
0\.0,,
```

దీంతో 2,40,00,000 అన్నది 2.4గా కనిపిస్తుంది. కానీ ఆ చుక్క నిజమైన దశాంశ బిందువు కాదు. రెండో దశాంశం కావాలని ఇంకో సున్నా చేర్చి `0\.00,,` అని రాస్తే అదే అంకె 0.24 అయిపోతుంది. కోటి డెబ్భై లక్షలో, పదిహేడు లక్షలో తేలని పట్టిక బ్యాంకు మేనేజరు ముందుకు వెళ్తే ఏం జరుగుతుందో చెప్పనక్కర్లేదు.

ఒకే నిలువు గీత మీద ‘50 లక్షలు, 1 కోటి, 1.5 కోట్లు’ అని కలిపి రాసే అలవాటు కూడా కొందరికి ఉంది. మాట్లాడేటప్పుడు అది సహజమే. గ్రాఫులో మాత్రం పైకి పోయేకొద్దీ 50 నుంచి 1కి దిగినట్టు కంటికి తోస్తుంది. పెద్ద అంకె కోటి దాటకపోతే అంతా లక్షల్లో, దాటితే అంతా కోట్లలో ఉంచడమే చూడ్డానికి తేలిక.

ప్రభుత్వ బడ్జెట్లకు వచ్చేసరికి కోట్లు కూడా చాలవు. తెలంగాణ 2024–25 బడ్జెట్టు 2,91,159 కోట్లు. బడ్జెట్ పట్టికల్లో అంకెలు ముందే కోట్లలో ఉంటాయి కనుక ఇప్పుడు జాబితాలో `100000` ఎంచుకోవాలి. 2.9 అని వస్తుంది, చీటీ మీద ‘లక్షల కోట్ల రూపాయల్లో’ అని రాయాలి. ఆ జాబితాలో `100000` అంటే లక్ష అని గుర్తుపెట్టుకుని, గడుల్లో ఉన్నవి అసలు కోట్లన్న సంగతి మరిచి ‘లక్షల్లో’ అని రాసేస్తే రాష్ట్ర బడ్జెట్టు రెండు లక్షల తొంభై వేల రూపాయలై కూర్చుంటుంది.