వారానికి ఒక్కరోజే వేసుకోవాల్సిన మాత్ర

ఆసుపత్రి ఫార్మసిస్ట్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ చేసేవాళ్లు ఒక సందర్భం చెప్పి, మీరైతే ఏం చేస్తారని అడుగుతారు. అలాంటి ప్రశ్నకు మెథోట్రెక్సేట్ సరిగ్గా సరిపోతుంది. రుమటాయిడ్ కీళ్లవాతానికి ఈ మాత్ర వారానికి ఒక్కసారే వేసుకోవాలి. శరీరం ఫోలేట్‌ను వాడుకోకుండా ఇది అడ్డుపడుతుంది. రోజూ వేసుకుంటే రక్తకణాలను తయారుచేసే ఎముక మజ్జకు కోలుకునే వ్యవధి దొరకదు. ఈ పొరపాటుతో ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి.

మొదటి ప్రశ్న: కీళ్లవాతం రోగి చీటీలో ‘మెథోట్రెక్సేట్ 7.5 మి.గ్రా., రోజుకొకటి, 30 మాత్రలు’ అని ఉంది. ‘డాక్టర్ రాశారు కాబట్టి ఇస్తాను’ అన్నా తప్పే, ‘వారానికే అయ్యుంటుందని నాలుగు ఇస్తాను’ అన్నా తప్పే. మందు ఆపి, ఏ జబ్బుకు రాశారో రోగిని అడిగి, డాక్టర్‌కు ఫోన్ చేయాలి. ఆయన చెప్పిన మార్పును రాసిపెట్టుకున్నాకే మందు ఇవ్వాలి.

ప్రశ్న అక్కడితో ఆగదు. మందు ఇచ్చేశారు, నాలుగు రోజులు వేసుకున్న రోగి నోరు పూసిందని వచ్చాడు, ఇప్పుడేం చేస్తారు? నోటిపూతకు జెల్ ఇచ్చి పంపితే ప్రమాదాన్ని కప్పిపుచ్చినట్టే. మాత్ర ఆపించి, జరిగిన పొరపాటు దాచకుండా చెప్పి, వెంటనే డాక్టర్ దగ్గరికి పంపాలి. రక్తకణాలు, కిడ్నీ, లివర్ పరీక్షలు అవసరమవుతాయి. విరుగుడుగా ఇచ్చేది ఫోలినిక్ యాసిడ్. మామూలు ఫోలిక్ యాసిడ్ మాత్ర దాని పని చేయదు. ఆ తర్వాత పొరపాటును పైఅధికారికి రాతపూర్వకంగా తెలపాలి.

మూడో మలుపు మందుల పొత్తు గురించి. ఇదే రోగికి మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వస్తే వేరే డాక్టర్ కోట్రైమాక్సజోల్ రాశారు. అది కూడా ఫోలేట్ మీదే దెబ్బకొడుతుంది, మెథోట్రెక్సేట్ కిడ్నీల ద్వారా బయటికి పోవడాన్నీ తగ్గిస్తుంది. డాక్టర్‌తో మాట్లాడి మరో యాంటీబయాటిక్ రాయించాలి. అయితే ఆ మందు వాడుతున్నట్టు తెలిసేదెలా? ‘రోజూ ఏం మందులు వాడుతున్నారు?’ అంటే రోగికి అది గుర్తురాదు. ‘వారానికోసారి వేసుకునేవి ఉన్నాయా?’ అని విడిగా అడగాలి.

చివరిది రోగికి చెప్పే తీరు. ‘అర్థమైందా?’ అంటే అందరూ తలూపుతారు. ‘అమ్మా, ఈ మాత్ర ఎప్పుడు వేసుకుంటారో చెప్పండి’ అని అడగాలి. ‘పొద్దున టిఫిన్ అయ్యాక’ అని ఆమె అన్నదంటే చెప్పింది అందలేదన్నమాట. వారం ఆమెతోనే ఎంపిక చేయించి, కవరు మీద ‘ఆదివారం మాత్రమే’ అని రాసివ్వాలి. జ్వరం, నోటిపూత, పొడిదగ్గు, ఆయాసం, కమిలిన మచ్చలు కనిపిస్తే తర్వాతి మాత్ర వేసుకోకుండా డాక్టర్‌కు చూపించుకోమని చెప్పాలి. ఇంట్లో మందులు అందించేది కోడలైతే ఈ మాటలన్నీ ఆమెకూ చెప్పాలి.