అడిగే మాటలోనే జవాబు ఉంటే

సర్వే ప్రశ్నలో తప్పు ఉంటే అది ప్రశ్నపత్రం ఊళ్లోకి వెళ్లకముందే సరిదిద్దుకోవాలి. జవాబులు వచ్చాక ఎన్ని లెక్కలు కట్టినా ఆ తప్పు పోదు. అడిగిన మాటను బట్టే జవాబు వచ్చింది కాబట్టి, మాట మార్చాలంటే వెయ్యి గడపలూ మళ్లీ ఎక్కాల్సిందే. ఇలాంటి తప్పుల్లో తరచుగా దొర్లేవి రెండు. ఒకటి, ఫలానా జవాబు చెప్పమని ప్రశ్నే దారి చూపడం. రెండోది, రెండు సంగతులను ఒకే ప్రశ్నలో కట్టేసి ఒక్క జవాబు అడగడం.

మొదటి రకాన్ని మన కోర్టుల్లో సూచక ప్రశ్న అంటారు. అడిగేవాడు ఏ జవాబు ఆశిస్తున్నాడో ప్రశ్నలోనే తెలిసిపోతే అది సూచక ప్రశ్న. ఎదుటి పక్షం అభ్యంతరం చెబితే, వకీలు తన సాక్షిని మొదటి విచారణలో ఇలా అడగడానికి సాధారణంగా వీల్లేదు. సర్వేలో అభ్యంతరం చెప్పే ఎదుటి వకీలు ఎవరూ ఉండరు. ఆ పని ప్రశ్న రాసినవాళ్లే చేసుకోవాలి.

సూచన ఎంత సన్నగా ఉండగలదో స్కాట్లాండ్ ఉదంతం చెబుతుంది. బ్రిటన్ నుంచి విడిపోవడంపై ఓటింగు పెట్టడానికి స్కాట్లాండ్ ప్రభుత్వం 2012లో ఒక ప్రశ్న ప్రతిపాదించింది. తెలుగులో చెప్పాలంటే, ‘స్కాట్లాండ్ స్వతంత్ర దేశంగా ఉండాలని మీరు అంగీకరిస్తారా?’ అని. ఇందులో పొగడ్త లేదు, భయపెట్టడం లేదు. అయినా బ్రిటన్ ఎన్నికల కమిషన్ దాన్ని మామూలు జనం ముందు పెట్టి పరీక్షించి, ‘అంగీకరిస్తారా’ అన్న మాట ‘అవును’ వైపు మొగ్గు చూపుతోందని 2013 జనవరిలో తేల్చింది. ఆ మాట తీసేసి ‘స్కాట్లాండ్ స్వతంత్ర దేశంగా ఉండాలా?’ అని అడగమంది. ప్రభుత్వం ఒప్పుకుంది. 2014 సెప్టెంబరు 18న ఓటర్ల చేతికొచ్చింది ఈ రెండో ప్రశ్నే. మరుసటి ఏడాది యూరోపియన్ యూనియన్ ఓటింగు విషయంలోనూ ఇలాగే జరిగింది. సభ్యదేశంగా కొనసాగాలా అని మాత్రమే అడిగితే ఒక పక్షం మాటే వినిపిస్తుందని, ‘కొనసాగాలా, బయటికి రావాలా’ అని రెండూ ప్రశ్నలోనే ఉండాలని కమిషన్ సూచించింది.

తెలుగులో ఈ మొగ్గు ఇంకా సులువుగా వచ్చేస్తుంది. ప్రశ్న చివర ఒక ‘కదా’ చేరితే చాలు. ‘నీళ్లు రోజూ వస్తున్నాయి కదా?’ అని ఇంటి ముందు నిలబడి అడిగితే, ఆ ఇల్లాలు కాదనడానికి మొహమాటపడుతుంది. ‘ఇంకా’ అన్న మాట మరీ ప్రమాదం. ‘మీ ఇంట్లోవాళ్లు ఇంకా బహిర్భూమికి వెళ్తున్నారా?’ అనగానే, అలా వెళ్లడం సిగ్గుచేటన్న తీర్పు ప్రశ్నలోనే వినిపిస్తుంది. వెళ్లేవాళ్లు కూడా లేదనేస్తారు. ‘మంచిదే’, ‘తప్పకుండా’, ‘సైతం’ అన్నవీ ఇలాంటివే. వ్యతిరేకార్థంలో అడిగే ప్రశ్నలో ఇంకో చిక్కు ఉంది. ‘మీకు పింఛను అందడం లేదా?’ అంటే ‘అవును’ అన్నవాడు అందడం లేదని చెప్పాడా, అందుతోందని చెప్పాడా? ఎన్యూమరేటర్ తనకు తోచినట్టు టిక్కు పెడతాడు. ‘మీకు పోయిన నెల పింఛను అందిందా?’ అని అడిగితే ఆ గొడవే ఉండదు.

రెండో రకం జంట ప్రశ్న. ఇంగ్లీషులో దీనికి రెండు గొట్టాల తుపాకీ పేరు పెట్టారు. తెలుగులో దీన్ని పట్టుకోవడం కొంచెం కష్టం. ఇంగ్లీషులో రెండు మాటల మధ్య కలిపే పదం ఒకటి కనబడుతుంది. మనకు అది అక్కర్లేదు. ‘రోడ్లూ కాలువలూ బాగున్నాయా?’ అన్నప్పుడు చివరి అచ్చు సాగితే చాలు, రెండు విషయాలు కలిసిపోతాయి. ఒక్కోసారి కామాతోనే పని జరిగిపోతుంది. అందుకే ‘మరియు’ కోసం వెతికితే తెలుగు ప్రశ్నావళిలో జంట ప్రశ్నలు దొరకవు.

బడిలో మధ్యాహ్న భోజనంపై తల్లిదండ్రుల్ని అడగడానికి ఒక చిత్తుప్రతి తయారైందనుకుందాం. మొదటి ప్రశ్న: ‘బడిలో భోజనం రుచిగా, శుభ్రంగా ఉంటోందా?’ ఒక తల్లి ‘లేదు’ అంది. ఆ జవాబు పట్టుకుని వంట ఏజెన్సీకి ఏం చెప్పాలి? ఉప్పు తగ్గించమనా, గిన్నెలు సరిగా తోమమనా? జవాబు చూసి ఏం చేయాలో తేలకపోతే అది జంట ప్రశ్నేనని గట్టిగా అనుమానించవచ్చు. దాన్ని రెండుగా విడదీస్తే సగం పనే అవుతుంది. విడదీశాక ఇంకో సంగతి బయటపడుతుంది: ఆ తల్లి బడిలో ఎప్పుడూ తినలేదు, వంటగది చూడనూ లేదు. కాబట్టి ఆమెకు తెలిసినదే అడగాలి. ‘పోయిన వారంలో మీ అమ్మాయి ఎన్ని రోజులు బడికి వెళ్లింది? అందులో ఎన్ని రోజులు అక్కడ భోజనం చేసింది?’ తినని రోజులుంటే, ‘ఎందుకు తినలేదని చెప్పింది?’ రుచి సంగతైనా, శుభ్రత సంగతైనా, ఇంటి నుంచి క్యారేజీ తీసుకెళ్లిన సంగతైనా ఆమె నోటి నుంచే వస్తుంది.

రెండో ప్రశ్న: ‘పిల్లల ఆరోగ్యం కోసం బడిలో గుడ్డు పెట్టడం మంచిదే కదా?’ ఇది మూడుసార్లు దారి చూపుతోంది. ‘ఆరోగ్యం కోసం’ అని కారణం ముందే చెప్పింది, ‘మంచిదే’ అని తీర్పు ఇచ్చింది, ‘కదా’ అని ఒప్పుకోలు అడిగింది. కాదనాలంటే పిల్లల ఆరోగ్యాన్నే వద్దనాలి. దాని బదులు, ‘బడిలో వారానికి పెట్టే గుడ్ల సంఖ్య పెంచాలా, తగ్గించాలా, ఇప్పుడున్నట్టే ఉంచాలా?’ అంటే మూడు దారులూ సమానంగా తెరిచి ఉంటాయి. గుడ్డు తినని ఇళ్లుంటాయి కాబట్టి, ‘మీ పిల్లలు గుడ్డు తింటారా?’ అన్నది ముందు అడగాలి.

మూడో ప్రశ్న చూడటానికి ఒంటరిదే: ‘సాంబారు నీళ్లగా ఉండటం వల్ల పిల్లలు అన్నం పారేస్తున్నారా?’ ఇందులో మూడు ప్రశ్నలు దాక్కున్నాయి. సాంబారు నీళ్లగా ఉందా? పిల్లలు అన్నం పారేస్తున్నారా? దానికి కారణం ఇదేనా? ‘లేదు’ అన్న తండ్రి ఈ మూడింటిలో దేన్ని కాదన్నాడో ఎవరూ చెప్పలేరు. ‘వల్ల’, ‘కోసం’, ‘కాబట్టి’ ఉన్న ప్రశ్నలన్నింటినీ ఇలా విప్పి చూడాలి. ముందు జరిగింది అడిగి, కారణం ఆ తర్వాత అడగడమే సరైన వరస.

అలాగని జంటగా ఉన్న ప్రతి మాటనూ నరకనక్కర్లేదు. ‘మీ ఇంట్లో సైకిలు గానీ మోటారు సైకిలు గానీ ఉందా?’ అన్నది, ఏదో ఒక బండి ఉందా లేదా అన్నదే కావాలనుకుంటే సరైన ప్రశ్నే. ఏది ఉందో విడిగా తెలియాల్సి వచ్చినప్పుడే అది తప్పవుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో పిల్లలకు ఈమధ్య జ్వరం వచ్చిందా అన్నది వేరుగా, దగ్గు వచ్చిందా అన్నది వేరుగా అడగడానికి కారణం ఇదే. రెండింటి లెక్కలూ విడివిడిగా కావాలి. ఇక్కడ ఒక నష్టం కూడా ఉంది. విడదీసిన కొద్దీ ప్రశ్నావళి పొడవు పెరుగుతుంది. కూలికి వెళ్లబోయే మనిషి నలభయ్యో ప్రశ్నకు విసుగుతో ఏదో ఒకటి చెప్పేస్తాడు. ఆ జవాబుతో ఏమీ చేయబోనప్పుడు ప్రశ్నను విడదీసే బదులు తీసేయడమే మేలు.

దారి చూపడం కూడా కొన్నిచోట్ల తెలిసి చేసేదే. మందులు వేసుకోవడం మరిచిపోయామని చెప్పుకోవడానికి రోగులు సంకోచిస్తారు. ‘చాలామందికి మందులు వేసుకోవడం మరపున పడుతుంటుంది. పోయిన వారంలో మీరు ఎన్నిసార్లు మరిచిపోయారు?’ అన్నప్పుడు, ఒప్పుకోవడం తేలిక కావడానికే ఆ మొదటి వాక్యం. ఒకసారీ మరిచిపోలేదన్న జవాబుకు కూడా పత్రంలో చోటుండాలి. ఇలాంటి ప్రశ్న వాడినవాళ్లు వాడినట్టు చెప్పాలి.

బల్ల దగ్గర కూర్చుని ఎంత చూసినా అన్నీ దొరకవు. అందుకే, ఎవరిని అడగబోతున్నారో అలాంటివాళ్లనే ఎనిమిది, పది మందిని పట్టుకుని ప్రశ్నలు వినిపించాలి. జవాబు ఒక్కటే రాసుకుంటే చాలదు. ‘ఈ ప్రశ్న మీకు ఎలా అర్థమైంది, మీ మాటల్లో చెప్పండి’, ‘ఆ జవాబు చెప్పేటప్పుడు ఏం గుర్తొచ్చింది?’ అని అడగాలి. చెవి పెట్టి వినాల్సిన మాటలు కొన్ని ఉంటాయి. ‘రుచి అయితే బాగుందండీ, కానీ...’ అంటే అది జంట ప్రశ్న. ‘మీరన్నట్టే రాసుకోండి’ అంటే ప్రశ్న దారి చూపుతోందని అనుమానించాలి. ‘అంటే దేని గురించండీ?’ అని ముగ్గురు అడిగారంటే ఆ ప్రశ్న మళ్లీ రాయాల్సిందే.

రెండు రకాల మాటల్లో ఏది సరైనదో తేలనప్పుడు జనాన్ని చీటీలు వేసినట్టు రెండు గుంపులుగా విడదీసి, ఒక్కో గుంపును ఒక్కో తీరుగా అడుగుతారు. ఈ పద్ధతిలో పేరుపడిన ప్రయోగం 1940లో అమెరికాలో డోనాల్డ్ రగ్ చేసింది. ప్రజాస్వామ్యానికి వ్యతిరేకంగా బహిరంగంగా ప్రసంగించడాన్ని అనుమతించాలా అని అడిగితే, వద్దన్నవాళ్లు 62 శాతం. అవే ప్రసంగాలను నిషేధించాలా అని అడిగితే, అవునన్నవాళ్లు 46 శాతమే. అనుమతించకపోవడమూ నిషేధించడమూ ఒకటే అనుకుంటాం, కానీ నిషేధమన్న మాట బరువు జనాన్ని వెనక్కి లాగింది. ఈ పరీక్షకు మనుషులు చాలామంది కావాలి. గుంపుకు యాభై మందితో చేస్తే, పది శాతం తేడా కనబడినా అది మాట వల్లనో, ఆ యాభై మంది ఎంపిక వల్లనో చెప్పలేం.

ఏటా జరిగే సర్వేలో పాత ప్రశ్నను దిద్దితే పాత లెక్కలతో పోలిక తెగిపోతుంది. అప్పుడు ఒక ఏడాది పాటు సగం మందిని పాత మాటతో, సగం మందిని కొత్త మాటతో అడిగి రెండింటి మధ్య తేడా రాసిపెట్టుకోవాలి. పాతది తప్పని తెలిసీ పోలిక కోసమే దాన్ని మోయడం కన్నా ఇది నయం.

ఇంత చేసినా చివరి అడుగు ఎన్యూమరేటర్ నోటి దగ్గర ఉంది. ప్రశ్న పుస్తక భాషలో ఉంటే అతను గుమ్మం ముందు నిలబడి దాన్ని తన మాటల్లోకి మార్చుకుంటాడు, తీసేసిన ‘కదా’ మళ్లీ వచ్చి చేరుతుంది. అందువల్ల ప్రశ్నను రాసినవాళ్లు పైకి చదివి చూసుకోవాలి, మాట్లాడినట్టు వినబడేదాకా దిద్దాలి, ఆపైన ఉన్నది ఉన్నట్టే చదవాలని శిక్షణలో చెప్పాలి. ఫలితాలు ప్రకటించేటప్పుడు ప్రశ్న పూర్తి పాఠాన్నీ పక్కనే అచ్చు వేయాలి. సర్వే పేరుతో ఏదైనా శాతం కనబడినప్పుడు పాఠకులు ముందు ఆ ప్రశ్న కోసం చూడాలి. అది లేకపోతే ఆ శాతాన్ని నమ్మనక్కర్లేదు.