పాత ఫోన్ నుంచి కొత్త ఫోన్‌కి, మధ్యలో ఎవరూ లేకుండా

మా పిన్ని బ్లౌజులు కుడుతుంది. కొలతలు, డిజైన్ల ఫోటోలు, ఎవరిది ఎప్పటికి కావాలన్నది అంతా ఆమె వాట్సాప్‌లోనే ఉంటుంది. కొత్త ఆండ్రాయిడ్ ఫోన్ కొన్నాక, "చాట్లు ఒక్కటి కూడా పోకూడదురా" అంది. మొత్తం 11 జీబీ ఉన్నాయి. గూగుల్ ఖాతాలో ఉచితంగా ఇచ్చే 15 జీబీ ఆమె ఫోటోలతోనే నిండిపోయింది, బ్యాకప్‌కి చోటు లేదు. అందుకని రెండు ఫోన్లనూ పక్కపక్కన పెట్టి నేరుగా మార్చాం.

ముందు కొత్త ఫోన్‌లో చాట్లకు సరిపడా ఖాళీ ఉందో లేదో చూసుకున్నాం. రెండింటిలోనూ వైఫై ఆన్ చేశాం. ఇంట్లో రౌటర్ లేకపోయినా పర్లేదు, ఫోన్లు రెండూ ఒకదానితో ఒకటి సొంతంగా కలుస్తాయి. నెట్ కావాల్సింది యాప్ దించుకోవడానికి, నంబరు ధ్రువీకరించుకోవడానికి మాత్రమే. చాట్లు వెళ్లేటప్పుడు మొబైల్ డేటా ఖర్చు కాదు.

పాత ఫోన్‌లో Settings, Chats, Transfer chats తెరిచి Start నొక్కాం. కొత్త ఫోన్‌లో వాట్సాప్ వేసి, అదే నంబరుకి ఓటీపీ తెప్పించుకున్నాం. నంబరు మారితే ఈ పద్ధతి పనిచేయదు. అప్పుడు పాత ఫోన్ నుంచి చాట్లు తెచ్చుకుంటారా అని అడుగుతుంది. అక్కడే తొందరపడకూడదు. దాటేసి లోపలికి వెళ్లిపోతే మళ్లీ ఆ ప్రశ్న రాదు, యాప్ తీసేసి తిరిగి వేసుకోవాలి. ఒప్పుకుంటే కొత్త ఫోన్ తెరమీద క్యూఆర్ కోడ్ వస్తుంది, దాన్ని పాత ఫోన్‌తో స్కాన్ చేయాలి. దగ్గర్లోని పరికరాలు, లొకేషన్ అనుమతులు అడిగితే ఇవ్వాలి, లేకపోతే ఫోన్లు ఒకదాన్నొకటి కనిపెట్టలేవు.

మాకు సగంలో ఆగిపోయింది. చూస్తే పిన్ని పాత ఫోన్ తెర ఆరిపోయి ఉంది. రెండు తెరలూ వెలుగుతూ, వాట్సాప్ తెరిచే ఉండాలి. బ్యాటరీ సేవర్ తీసేసి, ఛార్జర్లు పెట్టి, మొదటి నుంచి మళ్లీ చేశాం. ఈసారి అరగంటలో అయిపోయింది.

"వచ్చేశాయి, పాతది అమ్మేద్దామా?" అంది పిన్ని. "ఆగు పిన్నీ" అన్నాను. రెండేళ్ల కిందటి ఒక కొలతల ఫోటో తెరిపించి, ఒక వాయిస్ మెసేజ్ వినిపించాను. చాట్ల జాబితా కనబడినంత మాత్రాన ఫోటోలు కూడా వచ్చేసినట్టు కాదు. వారం రోజులు వాడి చూశాకే పాత ఫోన్ తుడిచేశాం.

ఐఫోన్ నుంచి ఆండ్రాయిడ్‌కి వెళ్లేవాళ్లకు దారి వేరు. అక్కడ కేబుల్ కావాలి: పాత ఐఫోన్లకు ఒకవైపు లైట్నింగ్, రెండోవైపు టైప్-సి ఉన్నది. కొత్త ఆండ్రాయిడ్ ఫోన్‌ని మొదటిసారి ఆన్ చేసి సెటప్ చేసేటప్పుడే కేబుల్ కలపాలి. ఇప్పటికే వాడటం మొదలుపెట్టిన ఫోన్ అయితే, అందులో ఉన్నవి దాచుకుని, రీసెట్ చేయాల్సి రావచ్చు. అందుకే ఐఫోన్ వాడేవాళ్లు కొత్త ఫోన్ పెట్టె తెరవకముందే కేబుల్ కొని తెచ్చుకోవాలి.