గాలి ఎక్కువై ఊపిరాడని వేళ

విశాఖ నుంచి ఒక యువ పాఠకురాలు తన స్నేహితురాలికి పంపిన మెసేజీనే మాకూ పంపి, దాని కింద ఒక ప్రశ్న రాశారు. పేర్లు, ఊరి గుర్తులు కొన్ని తీసేసి, ఆమె అనుమతితో ఆ మెసేజీ ఇస్తున్నాను.

"ఏమే, నీకు కోపం వచ్చిందని తెలుసు. జ్వరమని చెప్పి అరకు రానన్నాను కదా, జ్వరం లేదు. పోయిన నెల బట్టల షాపులో ట్రయల్ రూమ్ ముందు లైన్లో నిలబడ్డప్పుడు ఒక్కసారిగా గుండె దడ మొదలైంది. ఎంత గట్టిగా పీల్చినా గాలి అందలేదు. వేళ్లు, పెదాలు తిమ్మిరెక్కాయి, కళ్లు తిరిగాయి. చచ్చిపోతున్నాననే అనుకున్నానే. ఆసుపత్రికి తీసుకెళ్తే ఈసీజీ తీసి, వేలికి క్లిప్పు పెట్టి, ఆక్సిజన్ 99 ఉంది, అంతా బాగుంది, గ్యాస్ అయ్యుంటుంది అన్నారు. మొన్న రాత్రి బ్యాగు సర్దుతుంటే అరకు రైలు సొరంగాల్లోంచి వెళ్తుందని గుర్తొచ్చింది. మధ్యలో దిగలేం కదా. మళ్లీ అదే మొదలైంది. అందుకే రానన్నా. నీతో రావడం ఇష్టం లేక కాదు."

ఆమె ప్రశ్న ఇది: "ఆక్సిజన్ 99 ఉంటే గాలి అందలేదని నాకెందుకు అనిపించింది?"

ఆమెకు వచ్చినదాన్ని పానిక్ అటాక్ అంటారు. అకస్మాత్తుగా మొదలై, సాధారణంగా పది నిమిషాల్లోపే తారస్థాయికి చేరి, ఆ తర్వాత తనంతట తానే తగ్గుతుంది. దాని గురించి చెప్పుకోవలసినవి చాలా ఉన్నా, ఆమె ప్రశ్నకు జవాబు మాత్రం ఒకే ఒక్క వాయువు దగ్గర దొరుకుతుంది. అది ఆక్సిజన్ కాదు, కార్బన్ డయాక్సైడ్.

ఒంట్లో ఆక్సిజన్ తగ్గితే ఊపిరి కావాలనిపిస్తుందని మనమంతా అనుకుంటాం. నిజానికి మామూలు పరిస్థితుల్లో మన ఊపిరిని నడిపేది కార్బన్ డయాక్సైడే. ఈ సంగతిని 1905లో ఇంగ్లండులో హాల్డేన్, ప్రీస్ట్లీ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు చూపించారు. మెదడు అడుగున, వెన్నుపాముతో కలిసే చోట మెడుల్లా అనే భాగం ఉంది. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే అక్కడి ద్రవంలో ఆమ్లత్వం పెరుగుతుంది. అది పసిగట్టిన కణాలు ఊపిరి పెంచమని ఆదేశిస్తాయి. ఊపిరి బిగపట్టినప్పుడు కాసేపటికి ఇక ఆగలేం అనిపించేది ముఖ్యంగా ఈ వాయువు పేరుకోవడం వల్లే. అప్పటికి ఆక్సిజన్ ఇంకా బోలెడు ఉంటుంది.

ఇప్పుడు ఆ బట్టల షాపుకు వెళ్దాం. భయం పుట్టగానే ఒళ్లు పరుగుకు సిద్ధమవుతుంది. గుండె వేగం, ఊపిరి రెండూ పెరుగుతాయి. నిజంగా పరిగెడితే కండరాలు కార్బన్ డయాక్సైడ్‌ను ఎక్కువగా తయారుచేస్తాయి, పెరిగిన ఊపిరి దాన్ని బయటికి పంపేస్తుంది, లెక్క సరిపోతుంది. కానీ ఆమె లైన్లో కదలకుండా నిలబడి ఉంది. విశ్రాంతిగా ఉన్న శరీరం నిమిషానికి సుమారు 200 మిల్లీలీటర్ల కార్బన్ డయాక్సైడ్‌నే తయారుచేస్తుంది. తయారయ్యేది అంతే ఉండి, ఊపిరితిత్తుల్లోకి వెళ్లివచ్చే గాలి మాత్రం రెట్టింపయితే, రక్తంలో దాని మట్టం క్రమంగా సగానికి పడిపోతుంది. ధమనుల రక్తంలో అది మామూలుగా 40 మిల్లీమీటర్ల పాదరస పీడనం దగ్గర ఉంటుంది. నిమిషాల్లోనే 20ల్లోకి దిగగలదు. ఆక్సిజన్ ముందే నిండుగా ఉంది కాబట్టి క్లిప్పు 99 చూపించింది. వేలి క్లిప్పు కార్బన్ డయాక్సైడ్‌ను కొలవదు.

ఆ మట్టం పడిపోతే ఏమవుతుందో చూస్తే ఆమె మెసేజీలోని మాటలు ఒక్కొక్కటిగా అర్థమవుతాయి. మెదడు రక్తనాళాలు ఎంత తెరుచుకోవాలో నిర్ణయించే వాటిలో కార్బన్ డయాక్సైడ్ ముఖ్యమైనది. అది తగ్గితే నాళాలు ముడుచుకుంటాయి. ఒక్కో మిల్లీమీటరు తగ్గుదలకూ మెదడుకు వెళ్లే రక్తం సుమారు రెండు మూడు శాతం తగ్గుతుంది. కళ్లు తిరగడం, చుట్టూ ఉన్నదంతా నిజం కానట్టు అనిపించడం ఇందువల్లే. పైగా అలాంటి రక్తంలో హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను కాస్త గట్టిగా పట్టుకుని, కణజాలాలకు అంత తేలిగ్గా వదలదు. అంటే ఎంత ఎక్కువ పీలిస్తే మెదడుకు అంత తక్కువ చేరుతుంది!

తిమ్మిర్లకు కారణం కాల్షియం. కార్బన్ డయాక్సైడ్ తగ్గగానే రక్తం క్షారం వైపు మొగ్గుతుంది. అప్పుడు రక్తంలో విడిగా తిరిగే కాల్షియంలో కొంత అల్బుమిన్ అనే ప్రొటీనుకు అతుక్కుంటుంది. విడి కాల్షియం తగ్గితే నరాలు చీటికీమాటికీ స్పందిస్తాయి. అందుకే పెదాల చుట్టూ, వేళ్ల కొసల్లో చీమలు పాకినట్టుంటుంది. మరీ ఎక్కువైతే చేతివేళ్లు కొంకర్లు పోతాయి.

ఇక గాలి అందకపోవడం. ఆదుర్దాగా పీల్చే మనిషి పూర్తిగా వదలకుండానే మళ్లీ పీలుస్తుంది. ఛాతీ అప్పటికే నిండి ఉంటుంది, కొత్త గాలికి చోటుండదు, పక్కటెముకల మధ్య కండరాలు బిగుసుకుపోతాయి. మెదడు ఆ బిగింపును ఊపిరి చాలడం లేదని చదువుకుంటుంది. ఆమె ఇంకా గట్టిగా పీలుస్తుంది. మట్టం ఇంకా పడుతుంది.

ఈ వ్యవహారంలో పొరబడ్డ పెద్దలు తక్కువేం కాదు. అమెరికా అంతర్యుద్ధంలో సైనికులకు వైద్యం చేసిన జాకబ్ డకోస్టా ఇలాంటి దడ, ఆయాసం, ఛాతీ నొప్పి ఉన్నవాళ్లను వందల సంఖ్యలో పరిశీలించి, 1871లో దాన్ని గుండె జబ్బుగా వర్ణించారు. ఆయన లక్షణాలను శ్రద్ధగా నమోదు చేశారు, అవయవాన్ని మాత్రం తప్పుగా గుర్తించారు. తర్వాతి శతాబ్దంలో మరో బృందం ఎదురు కొసకు వెళ్లింది. అటాక్ అంతా అతి ఊపిరి వల్లే వస్తుందంది. 1996లో నెదర్లాండ్స్ పరిశోధకులు దీన్ని చక్కగా పరీక్షించారు. రోగుల చేత వేగంగా ఊపిరి తీయిస్తూ, ఒక విడతలో మాత్రం వాళ్లకు తెలియకుండా కార్బన్ డయాక్సైడ్ కలిపి మట్టం పడిపోకుండా చూశారు. ఆ విడతలో కూడా చాలామంది ఇవే మా లక్షణాలన్నారు. ఇళ్లలో సహజంగా అటాక్ వచ్చినప్పుడు కొలిచినా, కొందరిలో ఆ మట్టం పెద్దగా పడలేదు. కాబట్టి నేను పైన చెప్పిన రసాయన కథ అటాక్‌ను పెంచి పోషిస్తుందే కానీ, ప్రతిసారీ దాన్ని మొదలుపెట్టేది అదే అనలేం.

మరి మొదలుపెట్టేదేమిటి? 1993లో అమెరికన్ మనోవైద్యుడు డోనాల్డ్ క్లైన్ ప్రతిపాదించిన ఊహ నాకు అన్నిటికన్నా ప్రియమైనది. ఊపిరాడని ప్రమాదాన్ని పసిగట్టేందుకు మెదడులో ఒక హెచ్చరిక వ్యవస్థ ఉందనీ, కొందరిలో అది పిల్లి దూకినా కూసే కారు అలారంలా మరీ సున్నితంగా ఉంటుందనీ ఆయన అన్నారు. దీనికి బలమైన ఆధారం మాస్ట్రిక్ట్‌లో గ్రీజ్, వాన్ డెన్ హౌట్ 1980ల్లో మొదలుపెట్టిన పరీక్షలో ఉంది. 35 శాతం కార్బన్ డయాక్సైడ్, 65 శాతం ఆక్సిజన్ కలిపిన గాలిని ఒక్క నిండు గుక్క పీల్పిస్తే, పానిక్ రుగ్మత ఉన్నవాళ్లలో చాలామందికి క్షణాల్లో అటాక్ వస్తుంది. మిగతావాళ్లలో చాలా తక్కువమందికి వస్తుంది. ఆ మిశ్రమంలో ఆక్సిజన్ మామూలు గాలికన్నా మూడు రెట్లు ఎక్కువన్నది గమనించండి. అయినా ఊపిరాడక పోతున్నామన్న భయమే కలుగుతుంది.

ఇక్కడే నాకు నిద్రపట్టనివ్వని ప్రయోగం వస్తుంది. భయానికి మెదడులో అమిగ్డలా అనే బాదంగింజంత భాగం కేంద్రమని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ఎస్.ఎం. అనే అక్షరాలతో వైద్య గ్రంథాల్లో ప్రసిద్ధి పొందిన ఒక అమెరికన్ మహిళకు అరుదైన జబ్బు వల్ల రెండు వైపులా అమిగ్డలా పాడైంది. పాములను చేతపట్టినా, దెయ్యాల కొంపలో తిప్పినా ఆమెకు భయం వేయలేదు. పైగా 2009లో ఎలుకల మీద చేసిన పరిశోధన, కార్బన్ డయాక్సైడ్ పుట్టించే భయాన్ని పసిగట్టేది అమిగ్డలాయే అని చెప్పింది. కాబట్టి ఈ వాయువు పీల్చినా ఆమె నిశ్చింతగా ఉంటుందని ఐయోవా విశ్వవిద్యాలయ పరిశోధకులు అనుకున్నారు. 2013లో వెలువడిన ఫలితం తలకిందులైంది. ఒక్క గుక్క పీల్చగానే ఆమె బెంబేలెత్తిపోయింది. అదే లోపం ఉన్న మరో ఇద్దరు కవలలకూ అంతే. ఆరోగ్యవంతులు పన్నెండుమందిలో మాత్రం ముగ్గురికే అటాక్ వచ్చింది. అంటే పామును చూసి పుట్టే భయానికీ, ఒంటి లోపలి నుంచి లేచే ఈ భయానికీ దారులు వేరు. అమిగ్డలా ఈ రెండోదాన్ని పుట్టించకపోగా, బహుశా అదుపులో పెడుతూ ఉండవచ్చు కూడా. మన పాఠకురాలికి షాపులో భయపడాల్సింది ఏదీ కనబడకపోయినా అంత భయం ఎలా వచ్చిందో ఇప్పుడు ఊహించవచ్చు. ముగ్గురి మీద చేసిన ప్రయోగం కాబట్టి ఇంతకు మించి సాగదీయకూడదు.

అరకు ప్రయాణం మానుకోవడం ఈ కథలో రెండో అంకం. రానని చెప్పగానే ఆమెకు హాయిగా ఉండి ఉంటుంది. ఆ హాయే చిక్కు. సొరంగంలో ఏమీ కాదని తెలుసుకునే అవకాశం మెదడుకు దక్కలేదు. తప్పించుకున్నాను కాబట్టే బతికానని అది లెక్క రాసుకుంటుంది. తర్వాత లిఫ్టు, సినిమా హాలు, బస్సు ఒక్కొక్కటే జాబితాలో చేరతాయి. చికిత్సలో దీన్ని వెనక్కి తిప్పుతారు. నిపుణుల సమక్షంలో కావాలనే ఒక నిమిషం వేగంగా ఊపిరి తీయించి, అవే తిమ్మిర్లు, అదే తల తిరుగుడు రప్పించి, వాటంతటవే తగ్గడం చూపిస్తారు. పడిపోతానేమోనన్న భయానికీ అక్కడ జవాబు దొరుకుతుంది. స్పృహ తప్పడానికి సాధారణంగా రక్తపోటు పడిపోవాలి, అటాక్‌లో అది చాలాసార్లు పెరుగుతుంది. ఆ తర్వాత తప్పించుకుంటున్న చోట్లకు మెట్టుమెట్టుగా వెళ్లనిస్తారు. గుండె జబ్బు, ఉబ్బసం, మూర్ఛ ఉన్నవాళ్లు, గర్భిణులు ఆ ఊపిరి అభ్యాసం సొంతంగా చేయకూడదు. అవసరమైతే మందులూ ఉన్నాయి, వారాల్లో పనిచేస్తాయి.

ఇంత తెలిసిన తర్వాత కూడా చుట్టూ చేరినవాళ్లు "గట్టిగా ఊపిరి తీసుకో" అంటూనే ఉంటారు. అంతకన్నా చెడ్డ సలహా లేదు. చెప్పాల్సింది దానికి ఎదురు: కొంచెం పీల్చు, ముక్కుతో పీల్చు, నెమ్మదిగా పూర్తిగా వదులు. కాగితం సంచిలో ఊపిరి తీయించడం కూడా మానాలి. అటాక్ అనుకున్నది గుండెపోటో, ఊపిరితిత్తుల జబ్బో అయిన సందర్భాల్లో ఆ సంచి ప్రాణాలు తీసినట్టు 1989లో వైద్య పత్రికలో నమోదైంది. మొదటిసారి వస్తే ఆసుపత్రికి వెళ్లడమే సరైన పని. శ్రమ చేస్తే పెరిగే నొప్పి, చేతికో దవడకో పాకే నొప్పి, క్లిప్పులో తక్కువ అంకె కనిపిస్తే అది పానిక్ అనుకోవద్దు. థైరాయిడ్, రక్తహీనత కూడా చూపించుకోవాలి. అవన్నీ లేవని తేలాక గ్యాస్ అని పంపేస్తే సగం వైద్యమే చేసినట్టు. మనోవైద్యుల దగ్గరికి పంపాలి. ఎక్కడికి వెళ్లాలో తెలియనివాళ్లు ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు.