కంట్లో లెన్సు ఉండగా నీళ్లలో దిగితే

మైనస్ 4.5 పవర్ ఉన్న కాలేజీ అమ్మాయినొకరిని అనుకుందాం. కళ్లజోడు తీస్తే స్విమ్మింగ్ పూల్ గట్టు కూడా మసగ్గానే కనిపిస్తుంది. అందుకని నెలవారీ సాఫ్ట్ లెన్సులతోనే ఈత, ఆ తర్వాత షవర్. క్లోరిన్ నీళ్లే కదా అని ధీమా.

ఆ ధీమా అకాంతమీబా దగ్గర చెల్లదు. ఈ ఏకకణజీవి మట్టిలో, చెరువుల్లో, సముద్రంలో, మేడ మీది ట్యాంకు గోడలకు పట్టే జారుడు పాచిలో కూడా బతుకుతుంది. గడ్డు పరిస్థితి వస్తే చుట్టూ రెండు పొరల గోడ కట్టుకుని ముడుచుకుంటుంది. పూల్‌లో, కుళాయి నీళ్లలో ఉండేపాటి క్లోరిన్‌కు ఆ గోడ లొంగదు. మామూలుగా కన్నీరు దాన్ని కడిగేస్తుంది. సాఫ్ట్ లెన్సు మాత్రం నీటిని పీల్చుకుని, క్రిమిని గంటల తరబడి నల్లగుడ్డుకు అదిమి ఉంచుతుంది. లెన్సు రాపిడితో పడిన సన్నటి గీతలోంచి అది లోపలికి దిగుతుంది.

మొదట కన్ను ఎర్రబడుతుంది, వెలుతురు చూడలేరు. చూడ్డానికి కొద్దిపాటి ఎరుపే, నొప్పి మాత్రం భరించలేనంత. చాలామందిలో కనిపించే ఈ తేడానే అసలు గుర్తు. తొలి దశలో ఇది హెర్పిస్‌లా కనిపించి డాక్టర్లూ పొరపడుతుంటారు. మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ చుక్కలు వేసుకుంటే ఎరుపు తగ్గినట్టుంటుంది, లోపల జబ్బు ముదురుతుంది. పైగా మన దేశంలో ఈ జబ్బు ఎక్కువగా లెన్సులు వాడనివారికే, కంట్లో మట్టో మురికినీళ్లో పడ్డవారికే వస్తోంది. కాబట్టి లెన్సులతో ఈత కొట్టిన సంగతి డాక్టర్ అడగకపోయినా చెప్పాలి. జబ్బు ఖాయమైతే మొదటి రోజుల్లో రాత్రీ పగలూ గంటగంటకూ చుక్కలు, తర్వాత నెలల తరబడి మందులు తప్పవు. మచ్చ మిగిలితే నల్లగుడ్డు మార్పిడి దాకా వెళ్లవచ్చు.

ఆ అమ్మాయికి నా సలహా పవర్ ఉన్న ఈత గాగుల్స్. మైనస్ పవర్లవి రెడీమేడ్‌గానే దొరుకుతాయి. సిలిండర్ పవర్ ఎక్కువుంటే చేయించుకోవాలి. అదీ కుదరకపోతే రోజువారీ లెన్సులు, వాటి మీద బిగుతైన గాగుల్స్, గట్టెక్కగానే లెన్సులు చెత్తబుట్టలోకి. బ్రిటన్‌లో 2022లో వెలువడిన అధ్యయనం ప్రకారం రోజువారీ లెన్సులవారితో పోలిస్తే మళ్లీమళ్లీ వాడే లెన్సులవారికి ఈ జబ్బు ముప్పు దాదాపు నాలుగు రెట్లు. బీచ్‌లోనూ ఇదే పద్ధతి. ఇంట్లో అయితే ముందు తలస్నానం, చేతులు పొడిగా తుడుచుకున్నాకే లెన్సు. డబ్బానూ కుళాయి కింద కడగకూడదు.

పొరపాటున కంట్లో నీళ్లు పడితే లెన్సు వెంటనే తీసేయాలి. పూల్ నీటికి అది కంటికి అతుక్కుపోతే లాగకూడదు. కంటిని తడిపే చుక్కలు వేసి, కదిలేదాకా ఆగాలి. అప్పటికే నొప్పి మొదలైతే ఆ లెన్సునూ డబ్బానూ పారేయకుండా కంటి ఆసుపత్రికి పట్టుకెళ్లండి. ల్యాబ్‌లో వాటిమీంచి కూడా క్రిమిని పెంచి చూడగలరు.