ముడి పిల్లే వేయాలి

గురుగ్రామ్ బడిలో తెలంగాణ మీద ప్రాజెక్టు ఇచ్చారంటే అక్కడి తెలుగు ఇళ్లలో సంబరం పిల్లలకన్నా పెద్దలకే ఎక్కువ. 'ఏక్ భారత్ శ్రేష్ఠ్ భారత్' కార్యక్రమంలో హర్యానాకు జోడీ రాష్ట్రం తెలంగాణ. పదో తరగతి దాకా పిల్లలు ఏడాదికి ఒక్కటైనా కళతో కలిపిన ప్రాజెక్టు చేయాలని, జోడీ రాష్ట్రపు కళను అందులో తీసుకోవాలని సీబీఎస్ఈ 2020లో చెప్పింది. అమ్మ బీరువాలోంచి పోచంపల్లి చీర తీస్తుంది. నాన్న చార్టు కొనుక్కొస్తాడు. జూన్ సెలవులు అయిపోవచ్చేసరికి ఇద్దరూ కలిసి అట్ట మగ్గం అతికిస్తుంటారు, పిల్ల పక్కన కూర్చుని జిగురు డబ్బా మూత పట్టుకుని ఉంటుంది.

ఏప్రిల్‌లో ప్రిన్సిపాల్ తల్లిదండ్రులకు రాసే ఉత్తరం ఈ దృశ్యాన్ని ముందే ఊహించి రాయవలసింది. తేదీలు చెబితే సరిపోదు, ఏ నెలలో ఏం తేలాలో చెప్పాలి. మే నెలలో పిల్ల తన ప్రశ్నను ఒక్క వాక్యంలో రాసివ్వాలి. జూన్‌లో పని చేయాలి, తప్పినవి కూడా నోటుపుస్తకంలో ఉండాలి. జూలైలో టీచరు ఎదురుగా కూర్చుని వివరించాలి. ఇక "సాయం చేయండి, మీరే చేసేయకండి" అని రాసి వదిలేస్తే ఏ తల్లికీ ఏమీ తెలియదు. సాయానికి కొలత కావాలి.

ఆ కొలత ఉంది. నాలుగేళ్ల పిల్లలకు చెక్క దిమ్మెలతో పిరమిడ్ కట్టడం తల్లులు ఎలా నేర్పుతున్నారో డేవిడ్ వుడ్, డేవిడ్ మిడిల్టన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1975లో పరిశీలించారు. తల్లుల సాయాన్ని ఐదు మెట్లుగా విడగొట్టారు. మొదటిది ఊరికే మాటతో కదిలించడం. రెండోది ఏం చేయాలో మాటతో చెప్పడం. మూడోది ఏ దిమ్మె కావాలో చూపించడం. నాలుగోది దాన్ని చేతికి అందేలా సర్ది పెట్టడం. ఐదోది తానే చేసి చూపడం. పిల్ల తప్పినప్పుడు ఒక మెట్టు ఎక్కి, చేయగలిగినప్పుడు ఒక మెట్టు దిగిన తల్లుల పిల్లలే తర్వాత సొంతంగా బాగా కట్టారు. 1978లో ఇదే పద్ధతిని, ఎప్పుడూ మాటతోనే చెప్పడాన్ని, ఎప్పుడూ చేసి చూపడాన్ని పోల్చి చూసినప్పుడు కూడా మెట్లు ఎక్కి దిగే పద్ధతే నెగ్గింది.

దీన్ని మన ప్రాజెక్టుకు పెట్టి చూద్దాం. ఏడో తరగతి పిల్ల "ఇక్కత్ పువ్వు అంచులు ఎందుకు చెదిరినట్టుంటాయి?" అని ప్రశ్న రాసుకుందనుకోండి. పోచంపల్లిలో నేతకు ముందే నూలుకు ముడులు కట్టి రంగులో ముంచుతారు, కట్టిన చోట రంగు అంటదు. పిల్ల 20 సెంటీమీటర్ల అట్ట మీద తెల్లదారం ముప్పై చుట్లు చుట్టి, చిలప తీసి, పాత సైకిల్ ట్యూబు ముక్కలతో మూడు చోట్ల, రెండేసి సెంటీమీటర్ల మేర కట్టాలి. ఒకచోట రెండు చుట్లు, ఒకచోట నాలుగు, మరోచోట ఎనిమిది. రంగులో ముంచి, ఆరాక విప్పి, మిగిలిన తెలుపును స్కేలుతో కొలవాలి.

మొదటిసారి దారానికి రంగే పట్టలేదు. దుకాణంలో తెచ్చింది పాలియెస్టర్ దారం, పొట్లంలోది నూలు రంగు. ఇక్కడ నాన్న నూలు ఉండ కొనుక్కొచ్చి ఇస్తే ఒక్కసారిగా నాలుగో మెట్టు ఎక్కినట్టు. మొదటి మెట్టు: "ఎందుకు పట్టలేదంటావు?" తెలియకపోతే రెండోది: "ఆ దారం ఉండ మీది చీటీ చదువు." చాలావరకు ఇక్కడే తెగుతుంది.

రెండోసారి వదులు ముడి కింద తెలుపు బాగా తగ్గిపోయింది. దారంలోని పోగుల సందుల్లోంచి రంగునీళ్లు, దీపపు వత్తిలో నూనె పాకినట్టే, ముడి కిందికి పాకాయి. పిల్ల వేళ్లకు బిగించే బలం చాలకపోతే అమ్మ చిలప కొసలు పట్టుకోవచ్చు. అప్పటికీ రాకపోతే ఒక ముడి వేసి చూపి, విప్పేయాలి. విప్పకుండా వదిలేస్తే ఆ ముడి కింద కొలిచే తెలుపు అమ్మ పనితనానిది, పిల్ల ప్రశ్నకు జవాబు కాదు. వేడి రంగు గిన్నె దించడం మాత్రం పూర్తిగా పెద్దల పనే.

ఈ మెట్లకూ ఒక హద్దుంది. ఆ పరిశోధన ఎదురెదురుగా కూర్చుని నేర్పిన గంటల గురించే. సాయంత్రం ఎనిమిదికి ఇల్లు చేరే తల్లిదండ్రులకు అంత వ్యవధి ఉండదు. అందుకే ఉత్తరంలో వారానికి అరగంట చాలనీ, మిగతా రోజుల్లో పిల్ల ఒక్కతే చేసుకుంటే తప్పు లేదనీ స్పష్టంగా రాయాలి.

జూలైలో టీచరు "ఈ ముడి దగ్గర తెలుపు ఎందుకు తగ్గింది?" అని అడుగుతుంది. తానే కట్టిన పిల్ల చుట్ల లెక్క చెప్పి, ముడి జారిన చోటు వేలితో చూపిస్తుంది. అట్ట మగ్గం తెచ్చిన పిల్ల ఇంటివైపు చూస్తుంది. కాబట్టి అమ్మానాన్నలూ, ఈసారి నోటుపుస్తకం చివరి పేజీలో మీరు ఏ రోజు ఏ మెట్టు దాకా వెళ్లారో రాసి సంతకం పెట్టండి, రంగు పట్టని ఆ మొదటి దారాన్ని పారేయకుండా పక్కనే అతికించనివ్వండి.