చీర కౌంటరు దాటకముందే

డ్రై క్లీనింగ్ షాపుల్లో తగాదాలు చాలావరకు ఒకే ప్రశ్న దగ్గర చిక్కుకుంటాయి: ఈ మరక ముందే ఉందా, మీరే చేశారా? చీర ఇచ్చిన రోజు ఎవరూ సరిగా చూసి ఉండరు కాబట్టి ఇద్దరూ గట్టిగానే వాదిస్తారు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం ఆడకపోవచ్చు కూడా. పెళ్లిలో పట్టు చీర మీద కాస్త కూల్‌డ్రింక్ ఒలికిందనుకోండి. తడి ఆరాక ఏమీ కనబడదు, కానీ అందులోని చక్కెర పోగుల్లోనే ఉండిపోతుంది. డ్రై క్లీనింగ్‌లో వాడే ద్రావకం నూనెనూ జిడ్డునూ కరిగిస్తుంది గానీ చక్కెరను వదిలించలేదు. ఆ తర్వాత రోలింగ్‌లో వేడి తగలగానే అది గోధుమరంగుకు తిరుగుతుంది. మచ్చలేని చీర ఇచ్చానని ఆవిడ అంటుంది, మేం ఏమీ ఒలకబోయలేదని షాపువాడు అంటాడు. రెండూ నిజమే.

అందుకే అనుభవమున్న యజమాని కౌంటర్ దగ్గర నాలుగైదు నిమిషాలు ఖర్చుపెడతాడు. చీరను తెల్లని లైటు కింద బల్ల మీద పరిచి, కొంగు నుంచి కుచ్చిళ్ల దాకా చూస్తాడు. "జ్యూస్, కొబ్బరినీళ్లు ఏమైనా ఒలికాయా అమ్మా?" అని అడుగుతాడు. కనబడినదాన్ని బిల్లు మీద ఉన్నదున్నట్టు రాస్తాడు: కొంగు జరీ నల్లబడింది, అంచు దగ్గర సాంబారు మరక, మడత మీద పట్టు చిట్లింది. బిల్లు నంబరు కనబడేలా ఫోన్‌లో ఫొటో తీసి, కస్టమర్ సంతకం తీసుకుంటాడు. జాకెట్టయితే చంకల దగ్గర బట్టను వేళ్లతో నెమ్మదిగా లాగి చూస్తాడు. చెమటకూ డియోడరెంటుకూ అక్కడ పట్టు నీరసించి, ఉతకగానే పిగిలిపోతుంది. పెళ్లిళ్ల సీజన్‌లో వెనక నలుగురు నిలబడి ఉంటే ఇదంతా చాదస్తంగా కనిపిస్తుంది. గొడవలు ఎక్కువగా వచ్చేది ఆ హడావుడిలో తీసుకున్న బట్టల మీదే.

బిల్లు వెనక అచ్చువేసిన షరతుల మీద భరోసా పెట్టుకునేవాళ్లు చాలామంది. నష్టం జరిగితే ఉతుకు ఛార్జీకి ఇన్ని రెట్లే ఇస్తామనో, రంగు పోతే బాధ్యత లేదనో ఉంటుంది. కస్టమర్‌కు చదివి చెప్పని, సంతకం లేని ఇలాంటి షరతులను వినియోగదారుల కమిషన్లు పక్కనపెట్టిన సందర్భాలున్నాయి. తన చేతికి అప్పగించిన వస్తువును సొంత వస్తువులా జాగ్రత్తగా చూడాలన్నది 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోనే ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం సేవలో లోపం ఉన్నప్పుడు, బిల్లులో రాసిన గడువులోపు, గడువేదీ రాయకపోతే 30 రోజుల్లో డబ్బు వెనక్కివ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. గోడకు 'డబ్బు వాపసు ఇవ్వబడదు' అని బోర్డు తగిలించినంత మాత్రాన ఇది మారదు. పైగా కస్టమర్ తానుండే ఊళ్లోనే, వకీలు లేకుండా, రెండేళ్లలోపు ఎప్పుడైనా జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చు. 5 లక్షల దాకా అయితే ఫీజు కూడా లేదు.

ఇప్పుడు ఒక ఫిర్యాదును మొదటి నుంచీ చూద్దాం. గంధం రంగు చీర, మెరూన్ అంచు. మూడేళ్ల కిందట 15,000కు కొన్నది, ఉతుకు ఛార్జీ 350. డెలివరీ తీసుకున్న సాయంత్రమే ఆవిడ తిరిగొచ్చి, షాపు నిండా జనం ఉండగా చీర కౌంటర్ మీద పడేసింది. అంచు పక్కన అరచేయంత మేర ఎరుపు దిగి ఉంది.

ఇక్కడ "మా దగ్గర అలా జరగదండీ" అన్న మాట అన్నిటికన్నా ఖరీదైనది. తప్పు తమది కాదని తేలినా ఆ మాట మాత్రం ఊరంతా తిరుగుతుంది. అలాగని చూడకముందే తప్పు ఒప్పుకోవడమూ తొందరే. "ఇలా లైటు కిందికి రండమ్మా, ఇద్దరం కలిసి చూద్దాం" అని పక్కకు తీసుకెళ్లి, ఆవిడ చెప్పిందంతా ఆవిడ ఎదుటే రాయాలి. తన మాట కాగితం మీద పడుతుంటే కోపం కాస్త నెమ్మదిస్తుంది, గొంతు తగ్గుతుంది. పాత బిల్లూ ఫొటోలూ తీసి పక్కన పెట్టాలి. ఎప్పటికల్లా జవాబిస్తారో తేదీ చెప్పాలి. రెండు రోజులు చాలు.

కారణం రంగు దిగిన చోటే కనబడుతుంది. చాలా రంగులు నీళ్లకు కరుగుతాయి గానీ డ్రై క్లీనింగ్ ద్రావకానికి లొంగవు. ద్రావకంలోనే దిగి ఉంటే అంచు పొడవునా అక్కడక్కడా అంటి ఉండేది. ఒక్క చోటే, అదీ బిల్లులో రాసిన సాంబారు మరక చుట్టూనే ఉందంటే పనివాడు ఆ మరకను నీళ్లూ సబ్బుతో రుద్దాడన్నమాట. రుద్దేముందు తడి తెల్లగుడ్డను అంచు లోపలివైపు ఒక నిమిషం అదిమి చూసి ఉంటే గుడ్డకు ఎరుపు అంటేది, పని అక్కడే ఆగేది. కాబట్టి తప్పు షాపుదే. దిగిన రంగును మళ్లీ తీయించవచ్చు గానీ, వేడి తగిలాక పూర్తిగా పోతుందని హామీ లేదు. ఆవిడను అడగకుండా ఆ ప్రయత్నం చేయకూడదు కూడా.

ఇక లెక్క. 350 తిరిగిచ్చేయడం మీద చర్చే అక్కర్లేదు. పరిహారానికి ముందే ఒక పద్ధతి పెట్టుకున్న షాపు బేరంలోకి దిగదు. పట్టు చీర వాడకం పదేళ్లు అనుకుంటే, మూడేళ్లకు 4,500 పోయి మిగిలిన విలువ 10,500. చీర పూర్తిగా పోలేదు, మచ్చను కుచ్చిళ్లలోకి మడిచి కట్టుకోవచ్చు. అందుకని అందులో సగం, 5,250 ఇచ్చి చీర ఆవిడకే ఉంచేయవచ్చు. పూర్తి 10,500 కావాలంటే చీర షాపుకు వదలాలి. పదేళ్లన్నది చట్టం చెప్పిన లెక్కేమీ కాదు. ఎనిమిదనుకున్నా పన్నెండనుకున్నా అందరికీ ఒకటే వాడితే చాలు. ఇది పెళ్లి చీర, దానికి విలువ కట్టలేమని ఆవిడ అనొచ్చు. ఆ బాధకు ఏ లెక్కా సరిపోదు. నొచ్చుకున్నానని మనస్ఫూర్తిగా చెప్పి, అంకె మాత్రం కాగితం మీద చూపించాలి. ఒప్పందమయ్యాక ఎంత, ఎందుకు ఇచ్చారో రాసి ఇద్దరూ సంతకాలు చేయాలి.

ఈలోగా ఆవిడ గూగుల్‌లో ఒక్క స్టార్ పెట్టి ఉండొచ్చు. ఆ జవాబును చదివేది ఆవిడకన్నా ఎక్కువగా రేపటి కస్టమర్లు. "చీర అంచు దగ్గర రంగు దిగిన మాట నిజం. మరక తీయడంలో మా పొరపాటు. శనివారంలోపు పరిష్కారం చెబుతామని వారికి తెలియజేశాం" అంటే చాలు. పేరూ, ఫోన్ నంబరూ, బిల్లు వివరాలూ అక్కడ పెట్టకూడదు. రివ్యూ తీసేస్తేనే డబ్బిస్తామని అడగడం గూగుల్ నిబంధనలకు విరుద్ధం, ఆ సంభాషణ స్క్రీన్‌షాట్‌గా బయటికొస్తే పరువూ పోతుంది.

కావాలని వచ్చేవాళ్లూ ఉంటారు. ఒక ఫంక్షన్‌కు కట్టుకుని, నాలుగు రోజుల తర్వాత మరకతో తెచ్చి మీరే చేశారంటారు. డెలివరీ ఇచ్చేటప్పుడు చీర విప్పి చూపించి సంతకం తీసుకునే అలవాటుంటే, బట్టకు కుట్టిన టాగ్ తీసేసి ఉందో లేదో చూసినా విషయం సగం తెలిసిపోతుంది. అప్పుడు అరుపులకు భయపడి డబ్బివ్వనక్కర్లేదు. కారణం రాసి, ఫొటోలు జతచేసి లిఖితపూర్వకంగా కాదనవచ్చు. 1915 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తానంటే చేయమనవచ్చు, కాగితాలు సిద్ధంగా ఉన్నవాడికి ఆ ఫోన్ వల్ల వచ్చే ఇబ్బందేమీ లేదు. అదే మనిషి మళ్లీ వస్తే, "ఈ బట్ట మా దగ్గర వద్దమ్మా" అని మర్యాదగా వెనక్కిచ్చేయడం షాపు హక్కే. మడతల మీద చిట్లిన పాత పట్టునూ, అప్పటికే పొడిగుడ్డకు కూడా రంగు అంటిస్తున్న చీరనూ ఎవరు తెచ్చినా అలాగే తిప్పి పంపాలి.